ఇన్నేళ్ల తర్వాత గురువుగారికి ఒక చిన్న ప్రశ్న

"ఇన్నాళ్లూ లేనిది, ఇప్పుడు పని పడిందని గుర్తొచ్చానా?" అవతలివాళ్లు ఈ మాట అంటారేమోనన్న భయంతోనే చాలామంది ఆగిపోతారు. మొదటి ఉద్యోగంలో పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పిన సీనియర్ నంబరు ఫోన్‌లోనే ఉంటుంది. కంపెనీ మారిన కొత్తలో రెండు మూడు ఫోన్లు మాట్లాడుకుని ఉంటారు. తర్వాత పెళ్లిళ్లు, పిల్లలు, ఊళ్లు మారడాలు. ఏడెనిమిదేళ్లు గడిచేసరికి ఆ నంబరు నొక్కడమే పెద్ద పనిగా మారుతుంది.

ఈ జంకు మన దగ్గరే ఉన్నది కాదు. లారా ఆక్నిన్, గిలియన్ శాండ్‌స్ట్రమ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2024లో ప్రచురించిన పరిశోధనలో, మాటలు తెగిపోయిన పాత స్నేహితులకు సందేశం పంపమని కొందరిని అడిగారు. పంపాలన్న కోరిక వాళ్లకు ఉంది, అవతలివాళ్ల నంబరో చిరునామానో ఉంది, రాసుకోవడానికి సమయం కూడా ఇచ్చారు. అయినా పంపినవాళ్లు మూడో వంతు కంటే తక్కువే. తర్వాత ఒక చిన్న మార్పు చేసి చూశారు. ముందు మూడు నిమిషాల పాటు, ఇప్పుడు మాట్లాడుతున్న స్నేహితులకే సందేశాలు పంపించి, ఆ తర్వాత పాతవాళ్లకు రాయమన్నారు. ఈసారి సగానికి పైగా పంపారు. అది స్నేహితుల సంగతే అయినా, గురువుకు రాయబోయే ముందు ఇద్దరు దగ్గరివాళ్లకు రెండేసి వాక్యాలు రాసి చూడటంలో పోయేదేమీ లేదు.

రాస్తే ఫలితం ఉంటుందా అన్నదానికి ఇంకాస్త పాత జవాబు ఉంది. డేనియల్ లెవిన్, హోర్హే వాల్టర్, కీత్ మర్నిగన్ 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఉద్యోగాల్లో ఉన్న మేనేజర్లను, కనీసం మూడేళ్లుగా మాటల్లేని పాత పరిచయస్తులను పలకరించి, చేతిలో ఉన్న ఒక పని మీద సలహా అడగమన్నారు. ఆ సలహాలను, రోజూ మాట్లాడేవాళ్లు ఇచ్చిన వాటితో పోల్చి చూశారు. పాతవాళ్ల సలహాలు వాటికి ఏమాత్రం తీసిపోలేదు, కొత్తదనంలో మెరుగ్గా కూడా ఉన్నాయి. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. రోజూ కలిసేవాళ్లకు తెలిసింది ఎక్కువగా మనకూ తెలిసే ఉంటుంది. దూరమైన మనిషి ఈలోపు వేరే చోట వేరే సంగతులు నేర్చుకుని ఉంటాడు. ఒకప్పటి నమ్మకం మాత్రం మాటలు ఆగినంత మాత్రాన చెరిగిపోదు.

అయితే ఎలా రాయాలి? ఒక ఉదాహరణ కల్పించుకుందాం. హైదరాబాద్ శివార్లలోని ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో, అంటే క్యూసీలో, ఒకమ్మాయి ట్రైనీగా చేరింది. హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద పని నేర్పింది అక్కడి సీనియర్. ఆయన తర్వాత రెగ్యులేటరీ అఫైర్స్‌కు, అంటే మందుల అనుమతుల కోసం ప్రభుత్వ సంస్థలకు పత్రాలు సమర్పించే విభాగానికి మారారు. ఇప్పుడు ఆమె కూడా అటు మారాలనుకుంటోంది. ఆమె ఇలా రాయవచ్చు:

"నమస్తే సర్. 2014లో మీ క్యూసీ ల్యాబ్‌లో చేరిన ట్రైనీల్లో నేనొకదాన్ని. బేస్‌లైన్ సరిగ్గా రాని క్రోమాటోగ్రామ్ తెచ్చి చూపిస్తే, మొబైల్ ఫేజ్ ఎప్పుడు తయారుచేశావో ముందు చెప్పు అన్నారు. ఇప్పుడు నేను కొత్తవాళ్లను మొదట అడిగేది కూడా అదే. చాలా ఏళ్లుగా పలకరించలేదు, క్షమించండి. ప్రస్తుతం వేరే కంపెనీ క్యూసీలో టీమ్ లీడర్‌ని. రెగ్యులేటరీకి మారాలనుకుంటున్నాను. మీరు అలా మారినవారు కాబట్టి ఒక్క ప్రశ్న: ముందు డొసియర్‌లో మాడ్యూల్ 3 రాయడం నేర్చుకోవాలా, లేక అధికారులు లోపాలు చూపిస్తూ పంపే లేఖలకు జవాబులు రాయడమా? వీలున్నప్పుడు ఒక్క లైను చాలు సర్."

మాడ్యూల్ 3 అంటే, మందు అనుమతి కోసం సమర్పించే పత్రాల్లో తయారీ, పరీక్షలు, నిల్వ సామర్థ్యం గురించిన భాగం. క్యూసీలో పనిచేసిన మనిషికి అందులో కొంత తెలిసే ఉంటుంది. అందుకే ఆ ప్రశ్న ఊరికే అడిగినట్టుగా కాక, ఆలోచించి అడిగినట్టుగా ఉంది.

మొబైల్ ఫేజ్ సంగతి పొగడ్త కోసం రాసింది కాదు. పదుల మంది ట్రైనీలను చూసిన ఆయనకు పేరు గుర్తుండకపోవచ్చు, ఆ సందర్భం చెబితే గుర్తు రావచ్చు. తాను చెప్పిన మాట ఇంకొకరి దాకా వెళ్లిందన్న కబురు కూడా అందులోనే ఉంది. "మీరే నాకు స్ఫూర్తి" అని రాస్తే ఆ రెండూ జరగవు. క్షమాపణ ఒక్క వాక్యంతో సరిపోయింది. అది పెరిగేకొద్దీ, "పర్లేదమ్మా, నేనేం అనుకోలేదు" అని ఓదార్చే భారం ఆయన మీద పడుతుంది. పెళ్లి, పిల్లలు, ఇల్లు కొనడం లాంటివి ఇందులో లేవు. ప్రశ్న అర్థం కావడానికి ఎంత కావాలో అంతే చెప్పింది.

ఇక అసలు సంగతి ప్రశ్న. ఏమీ అడగకుండా "ఎలా ఉన్నారు సర్" అని మాత్రమే రాయడం మర్యాద అనుకుంటాం. నా దృష్టిలో దానివల్లే ఇబ్బంది ఎక్కువ. ఇన్నేళ్ల తర్వాత ఎందుకు పలకరించిందో ఆయనకు తెలియదు, "బాగున్నానమ్మా" అన్నాక ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియదు. అసలు పని రెండో మూడో సందేశంలో బయటపడితే, మొదటి పలకరింపు కూడా నటనలా కనిపిస్తుంది. సంక్రాంతికో సెప్టెంబరు 5కో అందరికీ పంపే శుభాకాంక్షల బొమ్మ కూడా ఇంతే. దానికి రెండు చేతులు జోడించిన గుర్తు తిరిగి వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. ముందే చెప్పి అడిగిన చిన్న ప్రశ్నకైతే జవాబు ఇవ్వడానికి ఆయన దగ్గర ఏదో ఉంటుంది.

చిన్నది అని ఎలా తెలుస్తుంది? ఆయన ఎవరికీ ఫోన్ చేయకుండా, ఏదీ వెతక్కుండా, కూర్చున్నచోటే జవాబు చెప్పగలగాలి. "నా రెజ్యూమె చూసి చెప్పండి" అంటే అరగంట పని. "మీ కంపెనీలో ఏమైనా ఉంటే చెప్పండి" అంటే ఆయన తన పేరును పూచీ పెట్టాలి, మధ్యలో గడిచిన ఏళ్లలో మన పని ఎలా ఉందో ఆయనకు తెలియదు. "ఒకసారి మాట్లాడాలి సర్" అన్నది చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఎంతసేపో, దేనికో చెప్పదు.

ఇది అన్నిచోట్లా పనికిరాదు. నోటీసు ఇవ్వకుండా ఉద్యోగం మానేసి ఆయన్ని ఇరకాటంలో పెట్టి వచ్చిన మనిషైతే, మొదటి ఉత్తరంలో క్షమాపణ మాత్రమే ఉండాలి, ప్రశ్న ఉండకూడదు. ఆయన వయసులో పెద్దవారైతే, రాసేముందు పాత సహోద్యోగుల్లో ఒకరిని అడిగి ఆయన ఆరోగ్యం ఎలా ఉందో, అసలు ఉన్నారో లేదో తెలుసుకోవాలి.

జవాబు రాకపోతే రెండు మూడు వారాలు ఆగి, అదే సందేశం కింద ఒక్క వాక్యం రాయవచ్చు. అప్పటికీ రాకపోతే వదిలేయాలి. నంబరు మారి ఉండొచ్చు, ఇంట్లో ఏదైనా కష్టం ఉండొచ్చు.

జవాబు వస్తే వెంటనే ధన్యవాదాలు చెప్పి, ఇంకో కోరిక మాత్రం జతచేయకూడదు. "ముందు లేఖలకు జవాబులు చదువు, అధికారులు ఏం చూస్తారో తెలుస్తుంది" అని ఆయన రాశారనుకుందాం. ఆమె ఆ పని నిజంగా చేసి, నెలా రెండు నెలల తర్వాత మళ్లీ రాయాలి: ఏం చదివింది, అందులో ఏది తనకు కొత్తగా తెలిసింది, మాడ్యూల్ 3 ఇప్పుడు ఎలా కనిపిస్తోంది. ఈ రెండో ఉత్తరంలో అడగడానికి ఏమీ ఉండకూడదు. ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే ఆమె పేరు చెప్పాలా వద్దా అన్నది ఆయనే నిర్ణయించుకోగలిగేది ఆ ఉత్తరం చదివాకే.