ఆక్లూజన్ (దంతవైద్యం)

నోరు మూసినప్పుడు గానీ, నమిలేటప్పుడు గానీ పై పళ్ళు, క్రింది పళ్ళు ఒకదానినొకటి తాకే తీరును దంతవైద్యంలో ఆక్లూజన్ అంటారు. చర్వణకాల మొనలు ఎదుటి పళ్ళ గుంటలలో కుదురుకొని, అత్యధిక సంఖ్యలో పళ్ళు ఒకేసారి కలిసే స్థితి మనిషికి అలవాటైన కాటు.

సెంట్రిక్ రిలేషన్

ఇది పళ్ళ స్థితి కాదు, కీలు స్థితి. చెవికి ముందు, కణత ఎముక గుంటలో క్రింది దవడ ఎముక తల ఇమిడి ఉంటుంది. ఆ తల, మధ్యనున్న బిళ్ళతో సహా, పైకి, ముందుకు ఆని నిలిచిన స్థితియే సెంట్రిక్ రిలేషన్. పళ్ళు బొత్తిగా లేనివారిలోనూ ఇది ఉంటుంది కనుక కట్టుడు పళ్ళ సెట్టు తయారీకి దీనినే ఆధారంగా తీసుకొంటారు. పళ్ళున్నవారిలో చాలామందికి అలవాటైన కాటు దీనికంటే కొద్దిగా, సుమారు 1 మి.మీ. వరకు, ముందుకు ఉంటుంది. బాధ లేనప్పుడు ఈ తేడా వ్యాధి కాదు. దీనిని సరిచేయబోయి మంచి పళ్ళను అరగదీయడం తగదు.

ముందస్తు స్పర్శ

మిగిలిన పళ్ళు కలవకముందే ఒక పన్ను ఎదుటి పన్నుకు తగలడం ముందస్తు స్పర్శ. కొత్త ఫిల్లింగు దీనికి సాధారణ కారణం. పంటి వేరును ఎముకకు పట్టి ఉంచే స్నాయువు మందం సుమారు 0.2 మి.మీ. మాత్రమే. అందులోని నాడుల వలన పళ్ళ మధ్య 20 మైక్రాన్ల మందపు వస్తువు ఉన్నా మనిషికి తెలుస్తుంది. ఇది తల వెంట్రుక మందంలో దాదాపు మూడవ వంతు. ఫిల్లింగు ఇంతకు మించి ఎత్తుగా ఉంటే, నోరు మూసిన ప్రతిసారీ బలమంతా ఆ ఒక్క పన్నుపై పడి స్నాయువు నలిగి వాస్తుంది.

ఉదాహరణకు, క్రింది మొదటి చర్వణకానికి తిమ్మిరి ఇంజెక్షను ఇచ్చి కాంపోజిట్ ఫిల్లింగు పెట్టారనుకొందాం. పెదవి, నాలుక మొద్దుబారి ఉండటం వలన రోగి కాటు సరిగా వేయలేడు. వెల్లకిలా పడుకొన్నప్పుడు దవడ కొంత వెనుకకు జారుతుంది కూడా. కనుక కుర్చీలో "బాగానే ఉంది" అన్న వ్యక్తికి, తిమ్మిరి వదిలాక అన్నం నమిలితే ఆ పన్నే ముందుగా తగులుతుంది. మర్నాటికి కొరికితే నొప్పి, చల్లని నీటికి జివ్వుమనడం మొదలవుతాయి. ఒక్కొక్కసారి ఎదుటి పన్ను కూడా నొప్పి పెడుతుంది.

సరిచేయడం

రోగిని నిటారుగా కూర్చోబెట్టి, పన్నును ఆరబెట్టి, సుమారు 40 మైక్రాన్ల రంగు కాగితాన్ని కొరికిస్తారు. బలంగా తగిలిన చోట తరచుగా నడుమ ఖాళీగా, చుట్టూ వలయంగా గుర్తు పడుతుంది. గుర్తు పెద్దదైనంత మాత్రాన బరువు అక్కడే ఉందనుకోరాదు. ఫిల్లింగుపై ఆ చోటును మాత్రమే సన్నని డైమండ్ బర్‌తో కొద్దికొద్దిగా తగ్గిస్తారు. తరువాత 8 మైక్రాన్ల రేకును ప్రక్క పళ్ళ మధ్య పెట్టి లాగుతారు. అక్కడ రేకు జారకుండా పట్టుబడితే పళ్ళన్నీ కలుస్తున్నట్లు. దవడను ప్రక్కలకు కదిపించి మరొక రంగు కాగితంతోనూ చూస్తారు. ఎత్తు వెంటనే పోయినా, వాచిన స్నాయువు నెమ్మదించడానికి కొన్ని రోజులు పడుతుంది.

"వాడగా అదే అరుగుతుంది" అని వదిలేయడం మంచిది కాదు. కాంపోజిట్ త్వరగా అరగదు. ఫిల్లింగు గానీ పంటి మొన గానీ పగలవచ్చు. అయితే ప్రతి నొప్పికీ ఎత్తే కారణం కాదు. కాటు సరిగా ఉన్నా కొరికినప్పుడు చురుక్కుమంటే ఫిల్లింగు అడుగున అతుకు వదలి ఉండవచ్చు. ఏమీ తాకకుండానే రాత్రిళ్ళు నొప్పి లేస్తున్నా, వేడి తగిలాక చాలాసేపు నిలిచినా పంటి లోపలి పల్పు దెబ్బతిన్నదని అనుమానించాలి. అప్పుడు ఫిల్లింగును అరగదీయడం వలన ప్రయోజనం ఉండదు. రూట్ కెనాల్ చికిత్స అవసరం కావచ్చు.