నైట్రోజన్ ముందా, ఆక్సిజన్ ముందా?

ఈఏపీసెట్, జేఈఈకి చదివే పిల్లలకు తేలిగ్గా కనిపించి మార్కు ఎగరేసుకుపోయే ప్రశ్న ఒకటుంది. బోరాన్, కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్‌లను మొదటి అయనీకరణ శక్తి పెరిగే క్రమంలో రాయమంటారు. ఒక ఆప్షన్ B < C < N < O, ఇంకొకటి B < C < O < N. తేడా అంతా చివరి రెండక్షరాల్లోనే.

వాయు స్థితిలో ఉన్న పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి పట్టే శక్తే ఇది. పీరియడ్‌లో ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ కేంద్రకంలో ప్రోటాన్లు పెరుగుతాయి గానీ కొత్త కక్ష్య మొదలవదు. దాంతో కేంద్రకం పట్టు బిగుస్తుంది, పరమాణువు చిన్నదవుతుంది, ఎలక్ట్రాన్ ఒక పట్టాన రాదు. ఇంతవరకే బట్టీపట్టినవాళ్లు మొదటి ఆప్షన్ పెట్టేస్తారు.

నైట్రోజన్‌కు మూడు 2p ఆర్బిటాళ్లలో ఒక్కో ఎలక్ట్రాన్ ఉంటుంది. ఆక్సిజన్‌కు వచ్చే నాలుగో ఎలక్ట్రాన్‌కు ఖాళీ గది లేదు, ఒకదాంట్లో జంటగా సర్దుకోవాల్సిందే. ఒకే చోట చేరిన ఆ రెండూ వికర్షించుకుంటాయి కాబట్టి ఒకటి సులువుగా బయటపడుతుంది. అందుకే మోల్‌కు నైట్రోజన్‌కు 1402 కిలోజౌళ్లు కావాలి, ఆక్సిజన్‌కు 1314 చాలు. కార్బన్‌కు 1086, బోరాన్‌కు 801. జవాబు రెండో ఆప్షన్.

'సగం నిండిన ఆర్బిటాళ్లకు స్థిరత్వం' అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేయడం నాకు నచ్చదు. పోయే ఎలక్ట్రాన్ ఎక్కడిదో చూడటమే మేలు. ప్రశ్నలో 'మొదటి' బదులు 'రెండో' అని ఉంటే ఆ పద్ధతే ఆదుకుంటుంది. ఒక ఎలక్ట్రాన్ పోయాక కార్బన్‌కు 2pలో ఒక్కటే మిగులుతుంది, అది తేలిగ్గా వస్తుంది. బోరాన్‌కైతే నిండిన 2s నుంచి తీయాలి. ఆక్సిజన్‌కు ఇప్పుడు జంట లేదు, ప్రోటాన్లేమో ఎక్కువ. కాబట్టి క్రమం C < B < N < O.

ఈ మెలికను వ్యాసార్థానికి అంటగట్టకండి. ఆ జంట వికర్షణకు ఆక్సిజన్ పరమాణువు ఉబ్బిపోదు. వ్యాసార్థాల క్రమం తిన్నగా B > C > N > O.

వ్యాసార్థానికి ఉన్న మెలిక వేరు. గ్రూపులో కిందికి పోతే సైజు పెరగాలి, కానీ అల్యూమినియం లోహ వ్యాసార్థం 143 పికోమీటర్లయితే దాని కిందున్న గాలియంది 135. మధ్యలో పది d-బ్లాకు మూలకాలు వచ్చిపోతాయి. d ఎలక్ట్రాన్లు కేంద్రకాన్ని సరిగా కప్పలేవు, పెరిగిన ప్రోటాన్ల లాగుడు బయటి ఎలక్ట్రాన్లకు తగులుతుంది. మొదటి అయనీకరణ శక్తి చూస్తే అల్యూమినియంకు 577, గాలియంకు 579. ఇంత దగ్గరి జంటను ధోరణి తేల్చలేదు, ఆ రెండంకెలూ గుర్తుపెట్టుకోవాల్సిందే.