ఎత్తు కొలిచే కొలువు.. తేడా ఎన్ని మిల్లీమీటర్లు?

డిగ్రీ అయ్యాక ఆరోగ్య సర్వేల్లో పనిచేయాలనుకునే వాళ్లకు శిక్షణలో ఎదురయ్యే అసలు పరీక్ష ప్రశ్నపత్రం కాదు, మూడేళ్ల పిల్ల. ఆ పిల్ల ఎత్తును మీరు, మీ పక్కవాళ్లు విడివిడిగా కొలిస్తే ఒకే అంకె రావాలి. మొదటిరోజు దాదాపు ఎవరికీ రాదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్)లో ఈ కొలతలు తీసేది హెల్త్ ఇన్వెస్టిగేటర్లు. 2019-21లో ఐదో విడత జరిగినప్పుడు నంద్యాల, ఆళ్లగడ్డ కర్నూలు జిల్లాలోనే ఉండేవి. నంద్యాల జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌ 4న. కొత్త జిల్లాకు సొంత లెక్కలు కావాలంటే అక్కడి పిల్లల్నే కొలవాలి.

రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి పొడవు కొలుస్తారు, ఆపై వయసు వాళ్లను నిలబెట్టి ఎత్తు కొలుస్తారు. ఈ పనికి ఇద్దరు ఉండాలి. సహాయకులు కింద కూర్చుని మోకాళ్లు, చీలమండలు పట్టుకుంటారు. కొలిచేవాళ్లు పిల్ల చూపు నేరుగా ఉండేలా గడ్డం పట్టుకుని, పైపలకను తలకు ఆనేదాకా దించి, అంకెను తమ కంటి మట్టంలో 0.1 సెం.మీ. వరకు చదువుతారు. "మడమ లేస్తాంది అక్కా" అని కిందినుంచి మాట వస్తే మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

ఆళ్లగడ్డలో ఒక అంగన్‌వాడీ కేంద్రంలో శిక్షణ జరుగుతోందనుకుందాం. పదిమంది పిల్లలు. శిక్షకురాలు, ఇద్దరు వర్కర్లు ఒక్కొక్కరు అందరినీ రెండేసి సార్లు కొలుస్తారు. మొదటి రౌండు చీటీలు తీసేసుకున్నాకే రెండోది. పాత అంకె కళ్లముందుంటే చేయి దాని వైపే పోతుంది మరి. ఒకరి రెండు కొలతలను పోలిస్తే వాళ్ల చేతి నిలకడ తెలుస్తుంది. ఇక్కడ మనం చూసేది రెండోది, అంటే శిక్షకురాలి కొలతకూ వర్కరు కొలతకూ మధ్య తేడా.

మొదటి వర్కరు తేడాలు సెంటీమీటర్లలో ఇలా వచ్చాయనుకోండి: +0.3, -0.4, +0.5, -0.2, +0.4, -0.6, +0.2, -0.3, +0.4, -0.3. రెండో వర్కరువీ ఇవే అంకెలు, కాకపోతే అన్నీ ప్లస్సులే. ఒక్కో తేడాను వర్గం చేసి కూడితే ఇద్దరికీ 1.44 వస్తుంది. దాన్ని పిల్లల సంఖ్యకు రెట్టింపుతో, అంటే 20తో భాగించి వర్గమూలం తీస్తే 0.27 సెం.మీ. దీన్నే 'టెక్నికల్ ఎర్రర్ ఆఫ్ మెజర్‌మెంట్' అంటారు. సూత్రం ఇది:

```
TEM = √(Σd² / 2n)
```

డీహెచ్‌ఎస్ సర్వేల శిక్షణలో ఎత్తుకు 0.6 సెం.మీ. లోపుంటే పాస్. ఇద్దరూ పాసయ్యారు. కానీ ఇద్దరి తప్పూ ఒకటి కాదు. వర్గం చేయగానే ప్లస్సు, మైనస్సు మాయమైపోతాయి. ఆ గుర్తుల్లోనే జబ్బు ఉంది. అందుకే తేడాల సగటు కూడా తీయాలి. మొదటివారికి అది సున్నా, రెండోవారికి +0.36 సెం.మీ.

రెండోవారి తేడాలన్నీ ఒకే దిక్కుకు పోతున్నాయంటే ప్రతిసారీ ఒకే పొరపాటు జరుగుతోందని అర్థం. జడ, పూలు, క్లిప్పు తీయకుండానే పలక దించడం, జుట్టు అణిగేలా నొక్కకపోవడం, అంకెను కిందినుంచి చూసి చదవడం లాంటివన్న మాట. దగ్గర నిలబడి చూస్తే దొరుకుతుంది, పది నిమిషాల్లో సరిదిద్దొచ్చు. మొదటివారిది మొండి జబ్బు. పిల్ల కదులుతుండగానే చదివేయడం, సహాయకుల పట్టు ఒక్కోసారి ఒక్కోలా ఉండటం దీనికి కారణాలు. వీళ్లతో మరికొందరు పిల్లల్ని కొలిపించాల్సిందే.

0.36 సెం.మీ. అంటే మూడున్నర మిల్లీమీటర్లేగా అనిపించొచ్చు. డబ్ల్యూహెచ్‌వో ప్రమాణాల ప్రకారం సరిగ్గా మూడేళ్ల ఆడపిల్ల ఎత్తు 87.4 సెం.మీ. కంటే తక్కువైతే ఎదుగుదల లోపం కింద లెక్క. అసలు ఎత్తు 87.2 సెం.మీ. ఉన్న పిల్లను రెండో వర్కరు 87.6 అని రాస్తే ఆ పిల్ల లెక్కలోంచి జారిపోతుంది.

మొదటి వర్కరు తప్పులు ప్లస్సూ మైనస్సూ కొట్టుకుపోతాయిలే అనుకోవడానికీ లేదు. సగటు ఎత్తు విషయంలో అది నిజమే. కానీ సర్వే లెక్కించేది గీత కింద ఎందరున్నారని. మామూలుగా గీతకు కాస్త కింద ఉన్న పిల్లలకంటే కాస్త పైన ఉన్నవాళ్లే ఎక్కువ. కాబట్టి గాలివాటం తప్పులవల్ల పైకి పోయేవాళ్లకంటే కిందికి జారేవాళ్లే ఎక్కువై, లోపం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది.

శిక్షణలో పాసైనవాళ్లు ఊళ్లోకి వెళ్లాక ఎలా కొలుస్తున్నారో చివరి అంకె చెప్పేస్తుంది. దశాంశం తర్వాత 0 నుంచి 9 వరకు అన్ని అంకెలూ ఇంచుమించు సమానంగా రావాలి. అంటే వంద కొలతల్లో 0, 5తో ముగిసేవి రెండూ కలిపి 20 దాకా ఉండాలి. అవి 45 దాకా ఉంటే ఆ వర్కరు కొలబద్దను చదవడం లేదు, అంచనాకు గుండుసున్నా చుట్టేస్తున్నారు. అప్పుడు సూపర్‌వైజర్ మర్నాడు ఆ ఇళ్లకే వెళ్లి, పాత కాగితం చూడకుండా కొందరు పిల్లల్ని తిరిగి కొలుస్తారు.