మళ్లీ సున్నా బై సున్నా వచ్చిందా?

లిమిట్ లెక్కలో x విలువ వేయగానే పైన సున్నా, కింద సున్నా వస్తే చాలామంది విద్యార్థుల చేయి వెంటనే ఒకే పని చేస్తుంది. లవాన్ని, హారాన్ని విడివిడిగా డిఫరెన్షియేట్ చేసి, మళ్లీ విలువ వేస్తుంది. అదే లోపితాల్ సూత్రం. ఇంటర్, జేఈఈ విద్యార్థులు ‘ఎల్ హాస్పిటల్ రూల్’ అంటుంటారు.

ఫ్రెంచి ప్రభువు లోపితాల్ 1696లో అచ్చువేసిన కాలిక్యులస్ పుస్తకంలో ఇది వెలుగు చూసింది. కనిపెట్టింది మాత్రం ఆయనకు పాఠాలు చెప్పిన స్విస్ గణితవేత్త యోహాన్ బెర్నౌలీ. ఏడాదికి 300 లీవ్రుల వేతనానికి తన కొత్త ఫలితాలను ఆయనకు పంపేందుకు 1694లో ఒప్పుకున్నాడు.

సూత్రం ఎందుకు పనిచేస్తుంది? రెండు ప్రమేయాలూ ఒకే బిందువు దగ్గర సున్నాకు చేరుతున్నప్పుడు, వాటి నిష్పత్తిని తేల్చేది అవి ఎంత వేగంగా చేరుతున్నాయన్నదే. ఆ వేగమే డెరివేటివ్.

మార్కులు పోయేది ఎక్కడో ఒక లెక్కలో చూద్దాం. x సున్నాకు చేరినప్పుడు (1 − cos x)/(x + x²) అవధి కావాలి. x = 0 వేస్తే 0/0. సూత్రం వాడవచ్చు. పైన sin x, కింద 1 + 2x వస్తాయి. ఇప్పుడు సున్నా వేస్తే 0/1, అంటే జవాబు 0. లెక్క అక్కడితో అయిపోయింది. కానీ చేతి ఊపులో ఇంకోసారి డిఫరెన్షియేట్ చేస్తే పైన cos x, కింద 2 మిగిలి, జవాబు 1/2 అవుతుంది. అది తప్పు. మొదటి అడుగు తర్వాత హారం 1కి చేరుతోంది కాబట్టి సూత్రం వాడే హక్కు అప్పుడే పోయింది. ఆప్షన్లలో 1/2 కూడా ఉంటే ఈ తప్పు బయటపడదు.

(x − sin x)/x³ సంగతి వేరు. అక్కడ మూడుసార్లూ 0/0 వస్తుంది, మూడుసార్లూ డిఫరెన్షియేట్ చేయాల్సిందే. చివరికి cos x/6 మిగిలి, జవాబు 1/6 వస్తుంది. ఎన్నిసార్లు చేయాలో ముందే తెలియదు. ప్రతి అడుగులో విలువ వేసి చూడాలి. పైనా కిందా విడిగా చేయాల్సిన చోట భాగహార సూత్రాన్ని వాడేయడం మరో మామూలు పొరపాటు.

0/0తో పాటు అనంతం బై అనంతానికీ ఈ సూత్రం వర్తిస్తుంది, కానీ ఒక షరతు ఉంది: డిఫరెన్షియేట్ చేశాక వచ్చిన నిష్పత్తికి అవధి ఉండాలి. x అనంతానికి పోయేటప్పుడు (x + sin x)/x తీసుకుంటే 1 + cos x మిగులుతుంది. అది 0కీ 2కీ మధ్య ఊగుతూనే ఉంటుంది. అలాగని అసలు లెక్కకు అవధి లేదని రాస్తే తప్పే. x తో భాగిస్తే 1 + (sin x)/x, రెండో పదం సున్నాకు పోతుంది. జవాబు 1.