పక్క స్థలంలో గొయ్యి, మన గోడలో బీట

విజయవాడలో మా మేనత్త వాళ్లది 1978లో కట్టిన ఇటుక గోడల ఇల్లు. పిల్లర్లు లేవు, కప్పు బరువంతా గోడలే మోస్తాయి. పునాది లోతు 1.2 మీటర్లు. పక్క స్థలంలో పాత పెంకుటిల్లు పడగొట్టి, రెండు సెల్లార్లతో అపార్ట్‌మెంటు మొదలుపెట్టారు. పొక్లెయిన్ దిగిన తొమ్మిదో రోజు పొద్దున్నే వంటింటి తలుపు పట్టేసింది. వానకి చెక్క ఉబ్బిందేమో అనుకుందట అత్తయ్య. ఆ వారం చినుకు కూడా పడలేదు. మధ్యాహ్నానికి తలుపు పైమూల నుంచి కప్పు దాకా ఏటవాలుగా ఒక సన్నని గీత కనిపించింది.

ఆ గీత ఎందుకొచ్చిందో తెలియాలంటే గోడనొదిలి మట్టిని చూడాలి. నేలలోని మట్టి పైనుంచి కిందికే కాదు, పక్కకి కూడా నెడుతూ ఉంటుంది. అటు మట్టి ఇటు నెడుతుంది, ఇటు మట్టి అటు నెడుతుంది, రెండూ ఒకదానికొకటి ఆసరాగా నిలబడి ఉంటాయి. ఒక వైపు తవ్వేస్తే రెండో వైపు మట్టికి ఆనుకునే చోటు పోతుంది. అప్పుడది గొయ్యి వైపు జరుగుతుంది, జరిగిన మేరకి కుంగుతుంది.

ఎంత దూరం దాకా జరుగుతుందో ఇంజనీర్లు ముందే అంచనా కడతారు. ఇసుక కలిసిన నేలలో గొయ్యి అడుగు నుంచి పైకి సుమారు 60 డిగ్రీల వాలుతో ఒక గీత గీస్తే, ఆ గీతకీ గొయ్యికీ మధ్యనున్న మట్టే ముందుగా జారుతుంది. పక్కవాళ్లు తవ్వింది 6 మీటర్లు. అత్తయ్య ఇంటి పునాది మట్టం దగ్గర ఆ గీత గొయ్యి అంచుకి 2.8 మీటర్ల దూరంలో పోతుంది. ఇంటి పక్కగోడ గొయ్యికి 1.5 మీటర్ల దూరంలోనే ఉంది, అంటే జారే మట్టి మీద కూర్చుంది. లోపలి గోడ 4.5 మీటర్ల అవతల ఉంది. అది కొంచెమే కుంగింది, పక్కగోడ ఎక్కువ కుంగింది. ఇల్లంతా సమానంగా దిగితే ఇంత నష్టం ఉండదు, ఈ తేడాతోనే గోడలు పగులుతాయి. మూడు మీటర్ల నిడివిలో ఒక కొసకీ ఇంకో కొసకీ 10 మిల్లీమీటర్ల తేడా వస్తే చాలు, పగుళ్లు మొదలవుతాయని ఇంజనీర్ల లెక్క. ఇటుక గోడల పాత ఇళ్లు అంతకంటే ముందే పగలొచ్చు.

కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్లో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నాలుగు మీటర్లు దాటగానే గోతిలో ఊట నీళ్లొచ్చాయి. రాత్రింబవళ్లు మోటార్లు పెట్టి తోడారు. మట్టి రేణువుల మధ్య ఉండే నీరు కొంత బరువు మోస్తుంది. నీటిమట్టం ఒక మీటరు దిగితే ఆ కింది మట్టి మీద చదరపు మీటరుకి దాదాపు ఒక టన్ను బరువు అదనంగా పడుతుంది. నీళ్లతోబాటు సన్నిసుక కూడా కొట్టుకొస్తే నేలలో బోలు ఏర్పడుతుంది. మోటారు వదిలే నీళ్లు మురికిగా, ఇసుకతో వస్తున్నాయంటే అది మన ఇంటి కింది ఇసుకే కావచ్చు.

లోతుగా తవ్వడం తప్పు కాదు. ఆసరా పెట్టకముందే తవ్వడం తప్పు. పద్ధతి ప్రకారమైతే ముందు హద్దు వెంట దగ్గరదగ్గరగా కాంక్రీటు పైల్స్ దింపి, ఆ వరస గట్టిపడ్డాకే లోపలి మట్టి తీయాలి. కొంత లోతు తవ్వగానే అడ్డంగా ఉక్కు దూలాలు బిగించి, ఆ తర్వాతే ఇంకా కిందికి పోవాలి. ఇక్కడ మొత్తం గొయ్యి ఒక్క వారంలో నిటారుగా తవ్వేశారు. రిటైనింగ్ వాల్ తర్వాత కడతామన్నారు. ఆ "తర్వాత" లోపలే పక్కింటి గోడ బీట వారింది.

గోడలో ప్రతి గీతా గొయ్యి వల్ల వచ్చిందనలేం. సిమెంటు పూత ఎండినప్పుడు సాలెగూడులా వచ్చే గీతలు పూతలోనే ఆగిపోతాయి. నేల కుంగితే వచ్చే బీట గోడకి రెండు వైపులా ఒకే చోట కనిపిస్తుంది, ఇటుకల మధ్య అతుకుల వెంట మెట్లుమెట్లుగా పోతుంది. అత్తయ్య ఇంట్లో గీత గొయ్యి వైపుకే ఎక్కింది, పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంది. మా మేస్త్రీ బీటకి అడ్డంగా ఒక గాజు ముక్కని సిమెంటుతో అతికించి, పక్కనే పెన్సిల్‌తో తేదీ వేశాడు. అయిదో రోజుకి గాజు పుటుక్కుమంది. గోడ ఇంకా కదులుతోందని దాంతో తేలిపోయింది.

ఇక చట్టం సంగతి. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం ఆంధ్ర ప్రాంతానికి, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా, మొదటి నుంచీ వర్తిస్తోంది. పక్క నేల సహజంగా ఇచ్చే ఆసరా మీద ప్రతి భూయజమానికీ హక్కు ఉందని దాని 7వ సెక్షన్ ఉదాహరణతో చెబుతుంది. అయితే ఆ హక్కు సహజ స్థితిలో ఉన్న నేలకే. దాని మీద ఇల్లు కట్టి అదనపు బరువు పెడితే, ఆ ఇంటికి ఆసరా హక్కు 15వ సెక్షన్ కింద రావాలి. అందుకు ఆ ఆసరాని అడ్డంకి లేకుండా ఇరవై ఏళ్లు అనుభవించి ఉండాలి.

ఈ ఇరవై ఏళ్ల లెక్క ఇంగ్లండులోనూ తేలింది. న్యూకాసిల్‌లో ఒకాయన 1849లో తన ఇంటిని బండ్లు తయారుచేసే కార్ఖానాగా మార్చాడు. ఇరవై ఏళ్లు దాటాక పక్క ఇల్లు పడగొట్టి తవ్వితే ఆ కార్ఖానా కూలింది. డాల్టన్, ఏంగస్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో 1881లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కార్ఖానా వైపే తీర్పిచ్చింది. తవ్వింది కాంట్రాక్టరు కదా అని పని చేయించినవాళ్లు తప్పించుకోలేరని కూడా అందులోనే తేల్చింది. పక్కింటి బిల్డరు మా అత్తయ్యకి మొదట చెప్పింది సరిగ్గా ఆ మాటే: "మట్టి పని సబ్ కాంట్రాక్టు అమ్మా, వాళ్లనడగండి."

మన చట్టంలో ఒక సంగతి చాలామందికి తెలియదు. 34వ సెక్షన్ ప్రకారం ఆసరా తీసేసినంత మాత్రాన పరిహారం రాదు, చెప్పుకోదగ్గ నష్టం జరిగి తీరాలి. కానీ 35వ సెక్షన్ కింద, తలపెట్టిన పనివల్ల ఆ హక్కుకి తప్పకుండా భంగం కలుగుతుందని చూపించగలిగితే, నష్టం జరగకముందే పని ఆపమని కోర్టుని అడగొచ్చు. ఇల్లు పగిలేదాకా ఆగాల్సిన పని లేదు.

అత్తయ్య వాళ్లు ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు చేత రిపోర్టు రాయించి, దాంతో మునిసిపాలిటీలో ఫిర్యాదు ఇచ్చి, లాయరు నోటీసు పంపారు. కోర్టుకి పోతే అడ్వకేట్ కమిషనర్ వచ్చి ఇల్లు చూస్తారని తెలిశాక బిల్డరు దిగొచ్చాడు. హద్దు వైపు గోతిని ఇసుక బస్తాలతో నింపి, పైల్స్ దింపి, మళ్లీ మొదలుపెట్టాడు. బీట 6 మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. మరమ్మతు ఖర్చు ఆయనే పెట్టుకున్నాడు. అయినా ఇంట్లో ముందునుంచీ ఉన్న పాత గీతలు కూడా ఈ లెక్కలో కలిపారని ఆయన వాదించినప్పుడు, అత్తయ్య చేతిలో జవాబు లేదు. తవ్వకముందు తీసిన ఫొటో ఒక్కటీ లేదు.

మీ పక్క స్థలంలో పాత ఇల్లు కూలుస్తున్నారని తెలిసిన రోజే, ప్రతి గదిలో నాలుగు గోడలూ, నేలా, కప్పూ తేదీ పడేలా ఫొటోలు తీయండి. సెల్లారు ఎంత లోతు, హద్దుకి ఎంత దూరం, షోరింగ్ ఎప్పుడు వేస్తారు అని బిల్డరుని రాతపూర్వకంగా అడగండి. ఇరవై ఏళ్ల నాటి ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, ప్లాను కాగితం ఉంటే పారేయకండి. మీ ఇంటి వయసుకి కోర్టులో అవే సాక్ష్యం.