ఆస్పిరిన్ బొమ్మలో వెనిగర్ వాసన

ఎప్పుడో కొని మరిచిపోయిన ఆస్పిరిన్ సీసా మూత తీస్తే ఒక్కోసారి గుప్పుమని పుల్లటి వాసన వస్తుంది. అది వెనిగర్ వాసనే. మాత్రలో ఎవరూ వెనిగర్ కలపలేదు. అయినా ఆ వాసన వచ్చే అవకాశం ఉందని, ఆస్పిరిన్ అణువు బొమ్మను చదవగలిగినవాళ్లు మూత తీయకముందే చెప్పేస్తారు.

ఆ బొమ్మ చూడటానికి పిల్లలు గీసిన తేనెపట్టు గదిలా ఉంటుంది. ఆరు మూలల వలయం, దాని ఆరు భుజాల్లో ఒకటి విడిచి ఒకటి జంట గీతలు, పక్కపక్కనే ఉన్న రెండు మూలల నుంచి రెండు తోకలు. అక్షరాలంటారా, నాలుగు O లు, ఒక్క H మాత్రమే. కార్బన్‌కు గుర్తయిన C ఎక్కడా కనిపించదు. అలాగని కార్బన్ లేదని కాదు. గీతలు కలిసే ప్రతి మూలా, అక్షరం లేకుండా ఆగిపోయిన ప్రతి కొసా ఒక కార్బనే. అన్నిచోట్లా ఉండేదాన్ని మళ్లీ మళ్లీ రాయడం దేనికని రసాయన శాస్త్రవేత్తలు వదిలేశారు.

హైడ్రోజన్ల లెక్క కూడా అంతే తేలిక. కార్బన్‌కు నాలుగు చేతులు. బొమ్మలో కనబడే గీతలను లెక్కపెట్టి, నాలుగుకు ఎన్ని తగ్గితే అన్ని హైడ్రోజన్లు ఉన్నట్టు. వలయంలో తోక లేని మూల దగ్గర ఒక జంట గీత, ఒక ఒంటి గీత కలిపి మూడు. కాబట్టి అక్కడ ఒక హైడ్రోజన్. అలాంటి మూలలు నాలుగు. తోక చివరి కొసకు ఒక్కటే గీత; అక్కడ మూడు హైడ్రోజన్లు. రాసి ఉన్న H ఒకటి. మొత్తం ఎనిమిది. కార్బన్లు వలయంలో ఆరు, తోకల్లో మూడు. అంటే C₉H₈O₄.

అసలు కథ తోకల్లో ఉంది. మొదటి తోకలో ఒకే కార్బన్ మీద జంట గీతతో ఒక O, ఒంటి గీతతో OH ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచూ తప్పటడుగు వేసేది ఇక్కడే. OH కనబడగానే ఆల్కహాల్ అనేస్తారు. ఆ రెండూ ఒకే కార్బన్‌ను పట్టుకుని ఉంటే విడదీసి చదవకూడదు. కలిపితే అది కార్బాక్సిలిక్ ఆమ్లం. వంటసోడా తగిలితే బుస్సుమని పొంగేది ఈ తోకే.

రెండో తోకలో వలయాన్ని ముందు ఒక O పట్టుకుంటుంది. తర్వాతి కార్బన్‌కు జంట గీతతో ఇంకో O, ఆ పైన అక్షరం లేని కొస. ఇది ఎస్టర్. ఎస్టర్‌కు నీళ్లంటే పడదు. తడి తగిలితే ఆ O కీ, జంట గీత ఉన్న కార్బన్‌కూ మధ్య బంధం తెగుతుంది. వలయం వైపు ముక్క OH తగిలించుకుని శాలిసిలిక్ ఆమ్లమవుతుంది. రెండు కార్బన్ల చిన్న ముక్క ఎసిటిక్ ఆమ్లమవుతుంది. వెనిగర్‌లో పుల్లదనం దానిదే.

మాత్ర పాడైందో లేదో ప్రయోగశాలలో తేల్చడమూ సులువే. ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేస్తే శాలిసిలిక్ ఆమ్లం ఊదారంగు తేలుతుంది. ఆ రంగు రావాలంటే వలయానికి నేరుగా OH ఉండాలి. ఆస్పిరిన్‌లో దాని మీద ఎసిటైల్ మూత ఉంటుంది కనుక స్వచ్ఛమైన మందు ఊదా తిరగదు. 1897లో జర్మనీలోని బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ స్వచ్ఛంగా తయారుచేసింది ఈ మూత పెట్టిన రూపాన్నే.

వలయంలోని జంట గీతలు మాత్రం మోసం చేస్తాయి. వంటనూనెలోని జంట గీత బ్రోమిన్ నీటి రంగును పోగొడుతుంది. బెంజీన్ వలయం ఆ పని చేయదు. బొమ్మలో మూడు చోట్ల గీసినా, నిజానికి ఆ ఎలక్ట్రాన్లను వలయమంతా పంచుకుంటుంది. అందుకే అంత నిబ్బరం.

ఒంట్లోకి వెళ్లాక ఆ ఎసిటైల్ మూతే మందు పనిచేస్తుంది. రక్తఫలకికల్లోని సైక్లోఆక్సిజనేజ్ అనే ఎంజైమ్‌లో సెరీన్ దగ్గరున్న OH మీదకు మూత మారిపోతుంది. ఎంజైమ్ ఇక పనిచేయదు. ఫలకికకు కేంద్రకం లేదు, కొత్త ఎంజైమ్ తయారుచేసుకోలేదు. అందుకే రోజుకు 75 మిల్లీగ్రాముల చిన్న మాత్ర ప్రభావం, ఆ ఫలకిక బతికే వారం పది రోజులూ దానిలో నిలుస్తుంది.

ఏ బంధం తెగుతుందో బొమ్మ చెబుతుంది గానీ, ఎంతసేపట్లో తెగుతుందో చెప్పదు. తడి తగలని స్ట్రిప్‌లో అదే ఎస్టర్ ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. రక్తంలో కలిసిన ఆస్పిరిన్‌లో సగం దాదాపు 20 నిమిషాల్లోనే శాలిసిలిక్ ఆమ్లంగా మారిపోతుంది.