ఆకలి దిగిపోయే ఎత్తులో

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో నామ్‌చే బజార్ (3,440 మీటర్లు) దాకా దాల్ భాత్ మారు వడ్డించుకుని తిన్నవాళ్లే డింగ్‌బోచే (4,410 మీటర్లు) చేరేసరికి అదే పళ్లేన్ని చూసి మొహం తిప్పుకుంటారు.

తప్పు వంటవాడిది కాదు. 1985లో అమెరికాలో ‘ఆపరేషన్ ఎవరెస్ట్ 2’ పేరుతో కొందరు ఆరోగ్యవంతులను ఒక గదిలో ఉంచి, 40 రోజుల్లో గాలి పీడనాన్ని క్రమంగా ఎవరెస్ట్ శిఖరం స్థాయికి తగ్గించారు. చలి లేదు, నచ్చిన తిండికి కొదవ లేదు. అయినా రోజుకు సగటున 3,136 క్యాలరీలు తినేవాళ్లు 1,789కి దిగిపోయారు. తలా ఏడు కిలోలకు పైగా తగ్గారు. ఆక్సిజన్ కొరత ఒక్కటే ఆకలిని అంతగా చంపేస్తుంది.

ఖర్చు మాత్రం తగ్గదు. డింగ్‌బోచే నుంచి లొబుచే (4,940 మీటర్లు) నడిచే 65 కిలోల మనిషికి ఆ రోజు మొత్తానికి సుమారు 3,500 క్యాలరీలు కావాలి. పొద్దున గంజి, తేనె రాసిన రొట్టె, రెండు గుడ్లు తింటే 700 దాకా వస్తాయి. మధ్యాహ్నం తుక్లాలో నూడుల్స్ సూప్, ఉడికించిన ఆలుగడ్డలు మరో 500. రాత్రి దాల్ భాత్ సగమైనా తింటే 600. చక్కెర వేసిన టీలతో మరో 250. ఇంకా చాలా లోటే! దాన్ని దారిలో పూడ్చాలి: వంద గ్రాముల పల్లీ పట్టీ 500, గుప్పెడు ఖర్జూరాలు 150. ఆకలి కోసం ఎదురుచూడకుండా గంటకోసారి రెండు ముక్కలు నమలడమే దారి. అప్పటికీ ఏడెనిమిది వందలు తక్కువే. కొద్దిరోజుల ట్రెక్‌లో అది పెద్ద ప్రమాదం కాదు.

అన్నం, ఆలుగడ్డ, బెల్లం లాంటివే ఎక్కువ తినడానికి కారణముంది. అదే శక్తి ఇవ్వడానికి కొవ్వుకన్నా పిండిపదార్థానికి ఆక్సిజన్ కాస్త తక్కువ పడుతుంది. వేపుళ్లు కడుపులో బరువుగా మిగిలిపోతాయి. నాలుక మొద్దుబారినప్పుడు మనవాళ్లు సంచిలో తెచ్చుకున్న ఆవకాయ ముక్క ఆ సాదా అన్నాన్ని లోపలికి దించుతుంది.

నీళ్ల సంగతి కూడా ఇంతే. పొడిగాలిలో వేగంగా ఊపిరి తీస్తుంటే, ప్రతి శ్వాసతోనూ తేమ పోతుంది. చలికి దాహం తెలియదు. రోజుకు మూడు, నాలుగు లీటర్లు చాలామందికి సరిపోతాయి. మూత్రం లేత పసుపులో ఉంటే చాలు. అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, తలనొప్పి, వికారం మొదలవుతాయి. వాటిని చూసి ఎత్తు జబ్బు అనుకునే ప్రమాదముంది. లాడ్జిల్లో మందుగా చెప్పే వెల్లుల్లి సూప్‌కి గట్టి ఆధారమేమీ లేదు గానీ, వేడి నీళ్లూ ఉప్పూ లోపలికి పోతాయి కాబట్టి తాగొచ్చు.

ఆకలి మందగించినా హుషారుగా నడుస్తుంటే కంగారు అక్కర్లేదు. తలనొప్పి తోడై, వాంతులు మొదలైతే ఆ రోజు పైకి వెళ్లకూడదు. తగ్గకపోయినా, నడక తూలుతున్నా, తిండి బతిమాలి పెట్టడం మాని మనిషిని వెంటనే కిందికి దించాలి.